కొత్త ప్లగ్గు మార్చినా మళ్లీ మాడుతోందా..? లోపం ఎక్కడుందో తెలుసా.. మీటరు దగ్గర అల్యూమినియం, కాపర్ కలిసే చోటూ చూడాల్సిందే!

ఏసీ ప్లగ్గు మాడింది. కొత్తది తెచ్చి మార్చారు. నెల తిరక్కుండానే అదీ నల్లబడింది. ఈసారి ఇంకా మంచి కంపెనీది, ఇంకా ఎక్కువ ధర పెట్టి తెచ్చారు. అదీ అంతే. ఇంట్లో ఎంసీబీ ఒక్కసారి కూడా ట్రిప్ అవ్వలేదు. ఫ్యూజు పోలేదు. మరి ప్లగ్గు ఎందుకు మాడుతోంది?

నందిగామ, జగ్గయ్యపేట వైపు వేసవి వచ్చిందంటే ఈ సమస్య చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పాత కృష్ణా జిల్లాలో ఇది మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఎండలు ముదిరితే ఇక్కడ ఏసీలు, కూలర్లు రాత్రంతా ఆగకుండా తిరుగుతాయి. అంటే ఒకే వైరు, ఒకే స్క్రూ, ఒకే పిన్ను మీదుగా గంటల తరబడి ఎక్కువ కరెంట్ వెళుతూనే ఉంటుంది. జాయింట్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ వేడి పుడుతుంది.

అలాంటి జాయింట్లు ప్రతి ఇంట్లో కనీసం రెండు చోట్ల ఉంటాయి. ఒకటి మనకు కనిపించే సాకెట్. రెండోది మనం ఎప్పుడూ చూడనిది.. స్తంభం నుంచి వచ్చే అల్యూమినియం సర్వీస్ వైరు, ఇంట్లోని కాపర్ వైరింగ్ కలిసే చోటు. ఈ రెండు చోట్లా జరిగేది దాదాపు ఒకటే. అదేంటో, ఎలా సరిచేయాలో ఇప్పుడు చూద్దాం.

ఎంసీబీ ఎందుకు పట్టుకోదు?

ముందు ఒక అపోహ తీసేయాలి. "ఎంసీబీ ఉంది కదా, ఏదైనా అయితే అదే పడిపోతుంది" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎంసీబీ చూసేది ఒక్కటే.. వైరులో వెళ్లే కరెంట్ పరిమితి దాటిందా లేదా అని. ఆర్‌సీసీబీ చూసేది కూడా ఒక్కటే.. వెళ్లిన కరెంట్ మొత్తం తిరిగి వస్తోందా, లేక ఎక్కడైనా భూమిలోకో మనిషిలోకో లీక్ అవుతోందా అని.

స్క్రూ లూజుగా ఉన్నప్పుడు ఈ రెండూ జరగవు. కరెంట్ పెరగదు, నిజానికి కాస్త తగ్గినా తగ్గుతుంది. లీకేజీ ఉండదు. ఏసీ తనకు కావాల్సిన 7 ఆంపియర్లు తీసుకుంటుంది, చల్లటి గాలి ఇస్తుంది. బయటికి అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. కానీ స్క్రూ కింద మాత్రం నిప్పు రాజుకుంటూ ఉంటుంది. ఇన్సులేషన్ పూర్తిగా కాలిపోయి రెండు వైర్లు ఒకదానికొకటి తగిలినప్పుడే ఎంసీబీ పడుతుంది. అప్పటికి ప్లాస్టిక్ అంటుకుని ఉండొచ్చు.

ఒక స్క్రూలో సోల్డరింగ్ ఐరన్ అంత వేడి!

ఇది ఎంత వేడి అనేది చిన్న లెక్కతో తెలుస్తుంది. ఉదాహరణకు నందిగామలో రెండు గదుల ఇల్లు ఒకటి అనుకుందాం. టన్నున్నర ఏసీ నడుస్తోంది, సుమారు 7 ఆంపియర్లు. ఫ్రిజ్ ఒక ఆంపియర్. ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి ఇంకో ఆంపియర్. అదే సమయంలో నీళ్ల ట్యాంకు కోసం 1 హెచ్‌పీ మోటారు వేశారు, మరో 5 ఆంపియర్లు. మొత్తం 14 ఆంపియర్లు.

ఈ 14 ఆంపియర్లూ మీటరు దగ్గరున్న ఒకే జాయింట్ మీదుగా రావాలి. జాయింట్ బాగుంటే దాని రెసిస్టెన్స్ ఓమ్‌లో వెయ్యో వంతు, ఇంకా తక్కువే ఉంటుంది. అక్కడ పుట్టే వేడిని ఇలా లెక్కేస్తారు.

```
P = I × I × R
14 × 14 × 0.001 = 0.2 W
14 × 14 × 0.1   = 20 W
```

మొదటిది మంచి జాయింట్. 0.2 వాట్లు, అంటే చేయి పెట్టినా తెలియనంత వేడి. రెండోది లూజైన జాయింట్. రెసిస్టెన్స్ 0.1 ఓమ్‌కు పెరిగింది, అంతే. కానీ వేడి 20 వాట్లు అయ్యింది. మొబైల్ రిపేర్ షాపులో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాని మొన సీసాన్ని కరిగిస్తుంది. దాదాపు అంత వేడి మీ మీటరు బోర్డులో ఒక స్క్రూ కింద పుడుతోందన్నమాట. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు ఇన్సులేషన్ తట్టుకునేది 70 డిగ్రీలే. అసలే మే నెలలో ఎండ తగిలే గోడ మీద బోర్డు ఉంటే, ఆ డెబ్బైలో సగానికి పైగా వాతావరణమే తినేస్తుంది.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. ఈ 0.1 ఓమ్ వల్ల వోల్టేజ్ పడిపోయేది ఒకటిన్నర వోల్టు కూడా ఉండదు. లైటు తగ్గినట్టు కంటికి కనిపించదు. కరెంట్ రెట్టింపు అయితే మాత్రం వేడి నాలుగు రెట్లు అవుతుంది. అందుకే చలికాలమంతా మౌనంగా ఉన్న జాయింట్, ఏసీ వేసిన మొదటి వారంలోనే వాసన కొడుతుంది.

అల్యూమినియం, కాపర్.. ఎందుకు పడదు?

స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీస్ వైరు సాధారణంగా అల్యూమినియంది. తేలిక, ధర తక్కువ. కాపర్‌తో పోలిస్తే కరెంట్‌ను మోసే శక్తి సుమారు 60 శాతం. అందుకే అదే లోడుకు అల్యూమినియం వైరు లావుగా తీసుకుంటారు. 4 స్క్వేర్ ఎంఎం కాపర్ చేసే పనికి కనీసం 6 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కావాలి. ఇందులో తప్పేమీ లేదు. అల్యూమినియం చెడ్డ లోహం కాదు, ఊళ్లను కలిపే లైన్లన్నీ దానివే. సమస్య వైరు మధ్యలో ఉండదు, వైరు చివర ఉంటుంది. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది పైపొర. అల్యూమినియం గాలి తగలగానే దాని మీద పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీకి మెరిపించినా క్షణాల్లో మళ్లీ వచ్చేస్తుంది. ఈ పొర గట్టిది, కరెంట్‌ను దాటనివ్వదు. కాపర్ మీద కూడా పొర వస్తుంది గానీ, అది మెత్తటిది, స్క్రూ బిగిస్తే పగిలిపోతుంది. అందుకే కాపర్‌తో పనిచేసిన చేతివాటం అల్యూమినియంతో పనికిరాదు.

రెండోది వ్యాకోచం. మీటరు పొడవున్న కడ్డీని 100 డిగ్రీలు వేడి చేశారనుకోండి. ఇనుము సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. కాపర్ 1.7. అల్యూమినియం 2.3. ఇనుప స్క్రూ కింద నొక్కి ఉంచిన అల్యూమినియం వేడెక్కితే, స్క్రూ కంటే ఎక్కువ సాగాలనుకుంటుంది. చోటు లేదు కాబట్టి పక్కలకి ఒత్తుకుపోతుంది. పైగా అల్యూమినియం మెత్తనిది, ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటే వేడి లేకపోయినా నెమ్మదిగా జరిగిపోతుంది. రాత్రి లోడు తగ్గి చల్లబడ్డాక అది కుంచించుకుంటుంది, కానీ ఒత్తుకుపోయిన లోహం వెనక్కి రాదు. స్క్రూ కింద వెంట్రుక వాసి ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి గాలి వెళుతుంది, పొర పెరుగుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది, రేపు ఇంకాస్త ఎక్కువ వేడెక్కుతుంది. ఇలా రోజూ. "పోయినేడాదే గట్టిగా బిగించాను కదా" అని ఎలక్ట్రీషియన్ చెప్పే మాట అబద్ధం కాదు. ఆయన బిగించింది నిజం. తర్వాత అదే లూజైంది.

మూడోది తడి. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఆ బ్యాటరీలో అరిగిపోయేది అల్యూమినియమే. జాయింట్ విప్పితే తెల్లటి పొడి రాలుతుందంటే అర్థం ఇదే. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదకే వరద వచ్చిన సంగతి తెలిసిందే. అలాంటి వరదల్లో మీటరు బోర్డు తడిస్తే, ఎండిపోయాక లైటు వెలిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. జాయింట్‌లో మొదలైన తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది.

అమెరికా నేర్చుకున్న పాఠం

ఇది మన ఊళ్ల సమస్యే కాదు. 1960ల మధ్యలో కాపర్ ధర పెరగడంతో అమెరికాలో ఇళ్ల లోపలి వైరింగ్‌కు కూడా అల్యూమినియం వాడారు. సుమారు 1965 నుంచి 1973 వరకు లక్షల ఇళ్లు ఇలా కట్టారు. తర్వాత సాకెట్ల దగ్గర మంటలు రావడం మొదలైంది. అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ కోసం చేసిన సర్వేలో తేలిందేంటంటే.. 1972కు ముందు అల్యూమినియంతో వైరింగ్ చేసిన ఇళ్లలో కనెక్షన్లు మంటలకు దారితీసే స్థితికి చేరే అవకాశం, కాపర్ ఇళ్లతో పోలిస్తే 55 రెట్లు ఎక్కువ.

అక్కడి అధికారులు పరిష్కారంగా ఏం చెప్పారనేది ముఖ్యం. వైరింగ్ మొత్తం మార్చేయాలి, అది కుదరకపోతే ప్రతి జాయింట్‌నూ అందుకోసమే తయారైన కనెక్టర్‌తో మళ్లీ చేయాలి అన్నారు. మామూలు స్క్రూను ఇంకాస్త గట్టిగా బిగించండి అని మాత్రం చెప్పలేదు.

మెలేసి టేపు చుడితే..?

మన దగ్గర ఇప్పటికీ కనిపించే పద్ధతి ఒకటుంది. రెండు వైర్ల చివరలు గీకి, ఒకదాని చుట్టూ ఒకటి మెలేసి, పైన టేపు చుట్టేయడం. కాపర్–కాపర్ అయినా ఇది మంచి జాయింట్ కాదు. అల్యూమినియం–కాపర్ అయితే పైన చెప్పిన మూడు కారణాలూ ఒకేచోట చేరినట్టే. పొర తొలగదు, ఒత్తిడి నిలబడదు, టేపు లోపల తేమ చేరి బయటికి పోదు. టేపు మెత్తబడి జిగురు కారుతోందంటే లోపల వేడి పుడుతోందని గుర్తు.

మరి సరైన పద్ధతి ఏది? రెండు లోహాలూ నేరుగా తాకకుండా మధ్యలో ఒక మధ్యవర్తిని పెట్టడమే. లావు కేబుళ్లకు బైమెటాలిక్ లగ్గు వాడతారు. దీనికి ఒక చివర అల్యూమినియం గొట్టం, మరో చివర కాపర్ ముక్క ఉంటాయి. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలోనే గాలి, తేమ చొరబడకుండా అతికిస్తారు. అల్యూమినియం వైరు అల్యూమినియం గొట్టంలోకి వెళుతుంది, కాపర్ వైపు కాపర్‌కు కలుస్తుంది. సన్నటి వైర్లకు టిన్ పూత ఉన్న కనెక్టర్ వాడతారు. అందులో ఒక్కో వైరుకు ఒక్కో రంధ్రం, ఒక్కో స్క్రూ. వైర్లు ఒకదానికొకటి తగలవు. ప్యాకెట్ మీద అల్యూమినియం, కాపర్ రెండింటికీ వాడొచ్చని రాసి ఉందో లేదో చూడాలి. రాసి లేకపోతే అది కాపర్‌కు మాత్రమే అనుకోవాలి. మెయిన్ స్విచ్, ఎంసీబీ టెర్మినళ్లకూ ఇదే వర్తిస్తుంది.

జాయింట్ ఎలా చేయాలి?

ఇది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేసే పని. కానీ ఇంటి యజమాని పక్కన నిలబడి చూడటానికైనా ఈ వరుస తెలిసి ఉండాలి.

ముందుగా కరెంట్ ఆపడం. ఇక్కడే ప్రాణాపాయం ఉంది. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపితే ఇంట్లోకి కరెంట్ ఆగుతుంది గానీ, స్తంభం నుంచి మీటరుకు, మీటరు నుంచి మెయిన్ స్విచ్ పైభాగానికి వచ్చే వైర్లలో కరెంట్ అలాగే ఉంటుంది. సర్వీస్ వైరు, మీటరు సీలు వరకు అది విద్యుత్ సంస్థ పని. ఈ ప్రాంతానికి అది ఏపీసీపీడీసీఎల్. అక్కడ వేడి, స్పార్క్ కనిపిస్తే 1912కు ఫోన్ చేసి లైన్ సిబ్బందిని పిలవాలి. స్తంభం ఎక్కడం, సీలు తీయడం ఎవరూ చేయకూడదు. మీటరు తర్వాత మీ వైపున్న వైరు మార్చాలన్నా, సరఫరా ఆగిందని సిబ్బంది చెప్పాకే ఎలక్ట్రీషియన్ చేయి పెట్టాలి.

తర్వాత ఇన్సులేషన్ తీయడం. బ్లేడుతో చుట్టూ కోస్తే అల్యూమినియం మీద గాటు పడుతుంది. అల్యూమినియం కాపర్‌లా వంగి ఊరుకోదు, గాటు దగ్గర రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది. స్ట్రిప్పర్ వాడాలి. లేదంటే పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా తీయాలి.

ఆ తర్వాత అసలు కిటుకు. జాయింట్ పేస్ట్ అని ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. ముందు దాన్ని వైరుకు రాసి, ఆ పేస్ట్ మీదే వైర్ బ్రష్‌తో రుద్దాలి. రుద్దినప్పుడు పొర తెగిపోతుంది, పేస్ట్ కప్పి ఉండటం వల్ల గాలి తగలదు, కొత్త పొర రాదు. ముందు గీకి, టీ తాగి వచ్చి బిగిస్తే గీకిన ఫలితం ఉండదు. ఒంటికి రాసుకునే వాజలీన్‌తో సరిపెట్టడం కూడా కుదరదు, అది కాస్త వేడికే కరిగి కారిపోతుంది. అలాగే కాపర్‌ను రుద్దిన బ్రష్‌నే అల్యూమినియానికి వాడకూడదు. కాపర్ రవ్వలు అల్యూమినియంలో గుచ్చుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది.

పేస్ట్ తుడవకుండానే వైరును లగ్గులోకో కనెక్టర్‌లోకో పూర్తిగా లోపలికి నెట్టాలి. లగ్గు అయితే దాని సైజుకు సరిపోయే క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కినా, సుత్తితో కొట్టినా అది క్రింపింగ్ అనిపించుకోదు, లోపల సగం వైరు ఖాళీగానే ఉంటుంది. స్క్రూ కనెక్టర్ అయితే తయారీదారు చెప్పినంత బిగువే బిగించాలి. అతిగా బిగిస్తే మెత్తటి అల్యూమినియం నలిగి పలచబడుతుంది. అందుకే గుర్తొచ్చినప్పుడల్లా స్క్రూడ్రైవర్ తీసుకుని ఇంకో చుట్టు తిప్పడం కూడా మంచిది కాదు. బిగించాక వైరును పట్టుకుని లాగి చూడాలి. కదలకూడదు.

చివరగా జాయింట్ ఉండే చోటు. మూత ఉన్న బాక్సులో, తర్వాత తెరిచి చూసుకునేలా ఉండాలి. పైపులోనో, గోడ పూత కిందో దాచేయకూడదు. ఆరుబయట అయితే అల్యూమినియం పైన, కాపర్ కింద ఉండేలా చూడాలి. తలకిందులైతే వాన నీరు కాపర్ లవణాలను మోసుకొచ్చి కిందున్న అల్యూమినియం మీద పోస్తుంది. అప్పుడు తుప్పు వేగంగా పడుతుంది.

ఇక సాకెట్ దగ్గరికొద్దాం

సాకెట్‌లో ఉండేది కాపరే అయినా మాడటానికి కారణం అదే.. సరిగ్గా ఆనకపోవడం. సాకెట్‌లో ఇది రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి వెనక స్క్రూ దగ్గర. రెండోది ముందు ప్లగ్గు పిన్ను దూరే చోట. అక్కడ లోపల ఇత్తడి పట్టీ ఉంటుంది, అది స్ప్రింగులా పిన్నును పట్టుకోవాలి. ఒకసారి బాగా వేడెక్కితే ఆ స్ప్రింగు బిగువు పోతుంది, చల్లారినా తిరిగి రాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ప్లగ్గు మాడినప్పుడు సాకెట్ లోపలి పట్టీ కూడా పాడవుతుంది. మనం కంటికి కనిపించే ప్లగ్గు మాత్రం మార్చి, కొత్త పిన్నును ఆ వదులు పట్టీలోనే పెడతాం. నెలలో అదీ మాడుతుంది. తప్పు కొత్త ప్లగ్గుది కాదు. అలాగే సాకెట్ ఒక్కటే మార్చి, నల్లబడ్డ పాత ప్లగ్గు పెడితే కొత్త సాకెట్ పాడవుతుంది. మాడితే రెండూ ఒకేసారి మార్చాలి.

మాడిన ప్లగ్గును పారేసే ముందు ఒకసారి చూడండి, అది చాలా చెబుతుంది. మూడు పిన్నుల్లో ఒక్కటే నల్లబడితే ఆ ఒక్క పిన్ను వైపు కనెక్షన్ లూజు. పిన్ను కొన నుంచి మధ్య వరకు మరకలు, గుంటలు ఉంటే సాకెట్ పట్టీ వదులు. పిన్ను బాగుండి ప్లగ్గు లోపల వైరు దగ్గర కరిగితే ప్లగ్గు స్క్రూ లూజు. సాకెట్ ముందు భాగం బాగానే ఉండి వెనక వైరు నల్లబడితే సాకెట్ స్క్రూ లూజు. కరెంట్ మోసే రెండు పిన్నులూ ఒకేలా వేడెక్కుతుంటే, ఎక్కువ లోడును చిన్న సాకెట్‌కు పెట్టారేమో చూడాలి. మన దగ్గర 6 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అని రెండు సైజులున్నాయి. ఏసీ, గీజర్, ఇస్త్రీపెట్టె లాంటివి 16 ఆంపియర్లకే పెట్టాలి. కన్వర్షన్ ప్లగ్గుతో చిన్నదాంట్లో దూర్చకూడదు.

సాకెట్ మార్చేటప్పుడు

ఆ లైను ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో చూసి, ఒక బల్బు పెట్టి కూడా వెలగడం లేదని ఖాయం చేసుకున్నాకే బోర్డు విప్పాలి. పాత వైరు చివర నల్లగా, గోధుమ రంగులో ఉంటే దాన్నే గీకి మళ్లీ పెట్టకూడదు. వేడికి ఆ కాపర్ పైన పొర పట్టి ఉంటుంది, ఇన్సులేషన్ పెళుసు అయి ఉంటుంది. కాపర్ మెరుస్తూ, ఇన్సులేషన్ మెత్తగా ఉన్నంత వరకు వెనక్కి కత్తిరించాలి. అలా కత్తిరిస్తే వైరు అందకపోతే లాగి సాగదీయొద్దు, ఆ ముక్క కొత్త వైరు వేయించాలి.

సన్నటి పోగుల వైరు అయితే పోగులన్నీ గట్టిగా మెలేసి, చివర మడిచి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా స్క్రూ కిందికి పంపాలి. రంధ్రంలో పట్టడం లేదని నాలుగు పోగులు కత్తిరించేస్తే వైరు సైజు తగ్గినట్టే. ఇన్సులేషన్ ముక్క స్క్రూ కింద ఇరుక్కోకూడదు. బిగించినట్టే ఉంటుంది కానీ బిగిసేది ప్లాస్టిక్, రాగి కాదు. ఇంకో పొరపాటు, పోగులకు సీసం పోసి గట్టి చేసి బిగించడం. సీసం కూడా ఒత్తిడికి నెమ్మదిగా జరిగిపోతుంది, కొన్నాళ్లకు స్క్రూ లూజవుతుంది.

ఎలా కనిపెట్టాలి?

పరిశ్రమల్లో ప్యానెల్ బోర్డులను థర్మల్ కెమెరాతో చూస్తారు, వేడి జాయింట్ తెల్లగా మెరుస్తుంది. ఇంట్లో అది అక్కర్లేదు. ఏసీ అరగంట నడిచాక ప్లగ్గు పైభాగాన్ని చేతి వెనక భాగంతో తాకండి. కాస్త వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి ఉంచలేనంత వేడిగా ఉంటే స్విచ్ ఆపి ప్లగ్గు తీసేయండి. ఆ సాకెట్‌ను బాగయ్యే వరకు మళ్లీ వాడొద్దు. ప్లగ్గు సాకెట్‌లోకి ఏ బిగువూ లేకుండా జారిపోతుంటే, వేడి లేకపోయినా ఆ సాకెట్ మార్చే సమయం వచ్చినట్టే.

మీటరు బోర్డు దగ్గర మాత్రం తాకి చూడొద్దు. అక్కడ కళ్లు, ముక్కు, చెవులు చాలు. కాలిన ప్లాస్టిక్ వాసన లేదా చేప వాసన లాంటిది, చిటపటమనే శబ్దం, వైరు మూతి దగ్గర రంగు మారడం.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. మోటారు వేసినప్పుడు ఇల్లంతా లైట్లు మినుకుమంటుంటే, పక్కింట్లో అలా లేకపోతే, లోపం మీ సర్వీస్ జాయింట్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. అదే ఒక గదిలోనే అయితే ఆ గది లైనులో వెతకాలి. కొన్ని లైట్లు మరీ ఎక్కువగా, కొన్ని మరీ తక్కువగా వెలుగుతుంటే న్యూట్రల్ లూజై ఉండొచ్చు. వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయాలి.

పొలాల్లో బోరు మోటార్లకూ ఇదే వర్తిస్తుంది. స్టార్టర్ దగ్గర మూడు ఫేజుల్లో ఒక అల్యూమినియం జాయింట్ కాలి తెగితే మోటారు రెండు ఫేజుల మీదే తిరగడానికి ప్రయత్నిస్తుంది, ఎక్కువ కరెంట్ లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. మోటారు రీవైండింగ్ చేయించి, ఆ జాయింట్‌ను అలాగే వదిలేస్తే మళ్లీ అదే కథ.

ఒకవేళ సాకెట్ నుంచి పొగ వస్తే నీళ్లు పోయొద్దు, ప్లగ్గు పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ ఆపాలి. మంట చిన్నదైతే పొడి ఇసుక చల్లాలి. మెయిన్ దగ్గరికే వెళ్లలేని పరిస్థితి ఉంటే బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయాలి.

వేసవికి ముందు ఏసీ సర్వీసింగ్ చేయించడం అందరికీ అలవాటే. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు ఫిల్టర్ కడగడంతో పాటు, ఆ ఏసీ ప్లగ్గు విప్పి పిన్నుల రంగు చూపించమని అడగండి. ఒక పిన్ను నల్లగా కనిపిస్తే.. మాడేది ప్లగ్గు ఒక్కటే కాదు, దాని వెనకున్న సాకెట్ కూడా అని గుర్తుంచుకోండి.